ముడి పడని అతుకు

మా ఇంట్లో ఒక స్వెటర్ ఉంది. నలభై రెండు అంగుళాల ఛాతీకి అల్లింది, ఇప్పుడు ఆరేళ్ళ పిల్లాడికి కూడా బిగుతే. తప్పు నాదే. ఒక చలికాలం పొద్దున దుప్పట్లతో పాటు దాన్నీ వాషింగ్ మెషిన్‌లో వేసి, వేడినీళ్ళ మీట నొక్కాను. గంట తర్వాత బయటికి తీస్తే, అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది. కుట్లు కనబడవు, సాగదీస్తే సాగదు. కోపంలో కత్తెర తీసుకుని చేతి అంచు కోసి చూశాను. అల్లిన బట్టను కోస్తే కుట్లు వరసగా జారిపోవాలి కదా. ఒక్క పోగు ఊడలేదు.

ఆ ముక్కను ఇప్పటికీ అల్లిక సంచీలోనే ఉంచుకున్నాను. కొత్తగా నేర్చుకునే వాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఊలు ఉండ అయిపోయింది, రెండో ఉండను దీనికి ఎలా కలపాలి? జవాబు ఆ ముక్కలోనే ఉంది. స్వెటర్‌ను పాడుచేసిన వేడీ తడీ రాపిడీ మూడింటినీ బెత్తెడు పోగుకు మాత్రం తగిలేలా చేస్తే, రెండు ఉండలు ముడి లేకుండా ఒకే దారమవుతాయి. అల్లికలో దీన్ని స్పిట్ స్ప్లైస్ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే ఎంగిలి అతుకు.

ముడితో వచ్చే చిక్కు

నేను అల్లిక నేర్చుకున్నది ఢిల్లీలో, ప్రభుత్వ క్వార్టర్ల ముందు ఎండలో మంచం వాల్చుకుని కూర్చునే ఆడవాళ్ళ దగ్గర. మొదటి ఉండ అయిపోగానే నేను చటుక్కున ముడివేశాను. పక్కింటి ఆంటీ నా చేతిలోంచి అల్లిక లాక్కుని ముడి విప్పేసింది. "ఇది గోనెసంచీ కాదమ్మా" అంది.

ఆమె చెప్పింది నిజమని స్వెటర్ తొడుక్కున్నాకే తెలుస్తుంది. ఉన్ని సాగే గుణమున్న దారం. ముడి వేసిన చోట సాగదు. చుట్టూ ఉన్న కుట్లు సాగుతూ ముడుచుకుంటూ ఉంటే, ఆ గట్టి గింజ వాటి మధ్య అటూ ఇటూ కదిలి చివరికి బయటివైపు తేలుతుంది. లోపలివైపు మిగిలితే వీపుకు గుచ్చుకుంటుంది. పైగా ఉన్నితో వేసిన ముడికి పట్టు తక్కువ. నాలుగు ఉతుకులయ్యాక అది జారితే, అక్కడ పడేది చిన్న కన్నమే అయినా, దాని కింద కుట్లు ఒకదాని తర్వాత ఒకటి వదులవుతాయి.

ముడి వద్దంటే మామూలుగా చేసే పని వేరు. పాత ఉండ కొస, కొత్త ఉండ కొస వదిలేసి, అల్లిక పూర్తయ్యాక పెద్ద సూదితో వాటిని వెనక కుట్లలోకి దూర్చి దాచడం. పెద్దవాళ్ళ స్వెటర్‌కు 50 గ్రాముల ఉండలు తొమ్మిది పట్టాయనుకోండి. ఎనిమిది చోట్ల కలపాలి, అంటే పదహారు కొసలు. ఒక్కొక్కటీ నాలుగైదు అంగుళాల మేర దూర్చాలి. అల్లడంలో ఉన్న సరదా ఇందులో ఉండదు. అల్లిక పూర్తయినా కొసలు దాచే ఓపిక లేక అటకెక్కిన స్వెటర్లు నాకు తెలిసిన ఇళ్ళలోనే మూడున్నాయి.

వెంట్రుక ఒకవైపే నడుస్తుంది

ఎంగిలి అతుకు ఎందుకు పట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఉన్ని కూడా అక్కర్లేదు. మీ తలలో పొడవాటి వెంట్రుక ఒకటి చాలు. ఏది కుదురు, ఏది కొస అన్నది గుర్తుపెట్టుకోండి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వేళ్ళను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ మెల్లగా రుద్దండి. మీరు రెండు వైపులకూ సమానంగానే రుద్దుతున్నా, వెంట్రుక మాత్రం ఒకవైపే జరుగుతూ పోతుంది. ఎప్పుడూ కుదురు ఉన్న వైపుకే.

కారణం వెంట్రుక మీది పొలుసులు. ఇంటి కప్పు మీద పెంకులు ఒకదాని మీద ఒకటి ఎలా పరిచి ఉంటాయో, వెంట్రుక పొడవునా పొలుసులు అలా పరిచి ఉంటాయి. వాటి అంచులు కొసవైపు చూస్తుంటాయి. కుదురు వైపు జరగడానికి అడ్డేమీ ఉండదు. వెనక్కి రావాలంటే అంచులు తగులుకుంటాయి. చిన్నప్పుడు ముళ్ళున్న గడ్డి కంకిని చొక్కా చేతిలో దూర్చుకుని చెయ్యి ఊపుతుంటే, అది తనంతట తాను భుజం దాకా పాకేది, గుర్తుందా? వెనక్కి లాగితే వచ్చేది కాదు. అదే ఇదీ.

గొర్రె ఉన్ని పోగు మీద ఈ పొలుసులు మన వెంట్రుక మీదకన్నా ఎక్కువగా పైకి తేలి ఉంటాయి. ఉన్ని సన్నగా, మెలికలు తిరిగి కూడా ఉంటుంది. తడి తగలగానే పోగు నీళ్ళు పీల్చి ఉబ్బి మెత్తబడుతుంది, పొలుసుల అంచులు ఇంకా లేస్తాయి. గోరువెచ్చదనం దాన్ని మరింత వంగేలా చేస్తుంది. అప్పుడు రుద్దితే ప్రతి పోగూ తన కుదురు వైపు పాకుతుంది, దారిలో ఉన్న పక్క పోగుల మధ్య దూరుతుంది, వెనక్కి రాలేక అక్కడే ఉండిపోతుంది. వేల పోగులు ఇలా ఒకదాన్నొకటి పట్టుకుంటే దాన్ని నమ్దా కట్టడం అనవచ్చు. కాశ్మీరులో నమ్దా తివాచీలను మగ్గం లేకుండా చేస్తారు. ఉన్ని పొరలు పరిచి, సబ్బునీళ్ళు చల్లి, చుట్టచుట్టి దొర్లిస్తారు. నా స్వెటర్‌కు మెషిన్‌లో జరిగింది కూడా అదే, నేను కోరకుండా.

ముందు అది ఉన్నేనా?

మన ఊళ్ళలో దుకాణాల్లో "ఊలు" అని అమ్మేదాంట్లో చాలా భాగం యాక్రిలిక్. అది గొర్రె మీద పుట్టింది కాదు, కర్మాగారంలో పుట్టింది. దానికి పొలుసులుండవు. అరచేతులు బొబ్బలెక్కేదాకా రుద్దినా అతుకు పడదు. నూలుకూ పట్టుకూ అంతే.

చీటీ ఉంటే చదవండి. నూటికి నూరుపాళ్ళూ ఉన్ని అని ఉంటే మంచిదే. కానీ దాని పక్కన "సూపర్‌వాష్" అనో "మెషిన్‌లో ఉతకవచ్చు" అనో ఉంటే అది ఉన్నే అయినా మనకు పనికిరాదు. స్వెటర్ కుంచించుకుపోకుండా ఉండాలని తయారీలోనే ఆ ఉన్నిని క్లోరిన్‌తో శుద్ధిచేసి పొలుసుల అంచులు అరగదీస్తారు, లేదా పైన సన్నని ప్లాస్టిక్ పూత పూస్తారు, చాలాసార్లు రెండూ చేస్తారు. పాకే గుణమే పోయాక అతుకు ఎక్కడిది?

చీటీ పోయిన ఉండ అయితే రెండంగుళాల ముక్క తీసి, పటకారుతో పట్టుకుని, స్టీలు గిన్నె మీద అగ్గిపుల్లతో అంటించి చూడండి. ఉన్ని అయిష్టంగా మండుతుంది, మంట తీయగానే ఆరిపోతుంది, కాలిన జుట్టు వాసన వస్తుంది. మిగిలిన నల్లటి బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ గబగబా మండుతూ కరుగుతుంది, చల్లారాక గట్టి పూస మిగులుతుంది. సూపర్‌వాష్ సంగతి మాత్రం ఈ పరీక్ష చెప్పదు, ఎందుకంటే అదీ ఉన్నిలాగే కాలుతుంది. దానికి ఒకటే దారి. పనికిరాని ముక్కతో అతుకు వేసి చూడటమే.

అల్పాకా, అంగోరా వంటి ఇతర జంతువుల ఉన్ని కూడా అతుకుతుంది. అల్పాకా పొలుసులు నున్నగా ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఓపిక కావాలి.

నాలుగు పేటల ఊలు, ఒక అతుకు

మొన్న బూడిదరంగు స్వెటర్ వీపు అల్లుతుంటే వరస మధ్యలో ఉండ అయిపోవచ్చింది. అప్పుడు చేసింది చేసినట్టు చెబుతాను. ఊలు నాలుగు పేటలది.

జానెడు దారం మిగిలి ఉండగానే ఆగాను. సూదికి మరీ దగ్గరగా వస్తే చేతులు ఆడవు, కుట్లు జారిపోతాయి. కొస నుంచి బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు, పురి విప్పాను. నాలుగు పేటలూ విడిపోయాయి. రెండు పేటలను పక్కకు తీసి మొదలు దగ్గర తెంపేశాను, అయితే రెండింటినీ ఒకేచోట కాదు. ఒకటి పూర్తిగా మొదట్లో, రెండోది దానికి అర అంగుళం ఇవతల. మిగిలిన రెండు పేటల్లోనూ ఒకదాన్ని కొంచెం పొట్టి చేశాను. ఇప్పుడు కొస చీపురుపుల్లలా మెల్లగా సన్నబడుతూ ఉంది.

ఇక్కడ కత్తెర ముట్టుకోకూడదు. కత్తెరతో కోస్తే అన్ని పోగులూ ఒకే గీతమీద మొండిగా ఆగిపోతాయి. ఆ గీత దగ్గరే అతుకు బలహీనపడుతుంది. తెంపితే ఒక్కో పోగూ ఒక్కోచోట ఆగి, కొస కుంచెలా వస్తుంది. పేటను తెంపడానికి కొందరు బలమంతా పెడతారు, రాదు. చేతులు దగ్గరగా పెట్టి లాగుతున్నారన్నమాట. ఉన్ని పోగు పొడవు రెండు మూడు అంగుళాలకు పైనే ఉంటుంది. రెండు చేతులూ అంతకన్నా దగ్గరగా ఉంటే ఒకే పోగును రెండు వైపులా పట్టుకున్నట్టవుతుంది. ముందు పేట పురి కూడా విప్పి, చేతులు నాలుగైదు అంగుళాల ఎడంగా పెట్టి మెల్లగా లాగితే పోగులు తెగవు, ఒకదాని మీదనుంచి ఒకటి జారి విడిపోతాయి.

కొత్త ఉండ కొసను కూడా అలాగే చేశాను. తర్వాత ఎడమ అరచేతిలో రెండు కొసలనూ ఎదురెదురుగా పరిచాను. పాతదాని మొన, కొత్తదాని పేటలు తెంపిన చోటికి తగలాలి. కొత్తదాని మొన పాతదాని తెంపిన చోటికి తగలాలి. అటు రెండు పేటలు, ఇటు రెండు పేటలు, కలిస్తే మళ్ళీ నాలుగు. అందుకే లావు పెరగదు. మూడు పేటల ఊలైతే ఒకవైపు ఒకటీ రెండోవైపు రెండూ తెంపాలి. రెండు పేటలదైతే చెరొకటి.

తడి చేయడం తరువాతి పని. తడి అంటే చెమ్మే. నీళ్ళు కారేంత కాదు. తడి ఎక్కువైతే పోగులు ఒకదాన్నొకటి పట్టుకోకుండా చేపల్లా జారిపోతాయి. ఎక్కువైందనిపిస్తే పిడికిట్లో ఒక్కసారి పిండాలి. అప్పుడు అరచేతులు కలిపి, వత్తులు చేసేటప్పటిలా మెల్లగా దొర్లించడం మొదలుపెట్టాను. మొదట్లోనే గట్టిగా రుద్దితే కొసలు పక్కకు జరుగుతాయి. పోగులు కాస్త కుదురుకున్నాక వేగం పెంచి, చేతులు వేడెక్కేదాకా రుద్దాలి. పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది. అప్పుడు దారాన్ని కాస్త జరిపి, అతుకు రెండు చివరలనూ విడిగా మళ్ళీ రుద్దాను, ఎందుకంటే ఊడేది ఎప్పుడూ అక్కడే. చివర్లో ఊలుకు మొదట ఏవైపు పురి ఉందో అదే వైపు నాలుగు చుట్లు తిప్పి వదిలాను. మొత్తం నిమిషం కూడా పట్టలేదు.

పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

గోటితో మొన దగ్గర మెల్లగా గీరి చూడండి. మొన లేచి విడిగా ఊగితే ఇంకా పట్టలేదు. మళ్ళీ చెమ్మ చేసి రుద్దాలి. మొన ఎక్కడుందో గోటికి దొరకకపోతే పని అయినట్టే. తర్వాత అతుకుకు అటూ ఇటూ జానెడు దూరంలో పట్టుకుని నిదానంగా లాగండి. కుదుపుతో లాగితే మంచి దారం కూడా తెగుతుంది, అది పరీక్ష కాదు. అల్లేటప్పుడు దారం మీద పడే లాగుడు ఎంతో, అంతకు కాస్త ఎక్కువ చాలు. అతుకు జారుతున్నట్టు మెల్లగా పొడవు పెరిగితే పోగులు పట్టుకోలేదని అర్థం. ఆరాక పట్టు ఇంకా పెరుగుతుంది. తొందర లేకపోతే ఓ నిమిషం ఆరనిచ్చి అల్లుకోవచ్చు.

పేటలు తెంపడం బద్ధకించి రెండు కొసలనూ అలాగే ఒకదాని మీద ఒకటి వేసి రుద్దేవాళ్ళున్నారు. అతుకు గట్టిగానే పడుతుంది, కానీ బెత్తెడు మేర దారం రెండింతల లావవుతుంది. ఒక మాదిరి ఊలులో కుట్టుకు అర అంగుళానికి పైగా దారం పడుతుంది కాబట్టి, ఐదారు కుట్లు ఉబ్బి వరసలో వాపులా కనిపిస్తాయి. దానికి విరుద్ధంగా పేటలు మరీ ఎక్కువ తెంపితే, ఆ ఐదారు కుట్లూ బక్కచిక్కి మోచేతి దగ్గరో చంక దగ్గరో ముందుగా చిరుగుతాయి.

రంగు మార్చేచోట మరో చిక్కుంది. ఎరుపూ తెలుపూ ఇలా కలిపితే ఆ బెత్తెడంతా ఎర్రతెల్లని మెలిక అవుతుంది. ఆ మెలిక కుట్లలో చారలా తేలుతుంది. అక్కడ రెండు కొసలనూ ఒకదానిలో ఒకటి కొక్కెంలా తగిలించి, ఏ కొసను ఆ కొస మీదికే మడిచి, పేటలు పలచన చేసి రుద్దాలి. ఎరుపు ఎరుపుతో, తెలుపు తెలుపుతో అతుక్కుంటాయి. రెండు రంగులూ కలిసేది కొక్కెం దగ్గర మాత్రమే. ముదురు రంగులైతే అరచేతికి రంగు అంటుతుందని ముందే తెలుసుకోండి. లేత రంగు అల్లుతుంటే చేతులు కడుక్కుని ముట్టుకోండి.

ఎంగిలి సంగతి

ఉమ్మితో అతికించడమా అని ముఖం చిట్లించేవాళ్ళు చాలామందే. మనకు ఎంగిలి పట్టింపు ఎక్కువ కదా. నిజానికి సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొసను నాలుకకు తగిలించని దర్జీ ఉండడు. అయినా కానుకగా ఇచ్చేదానికో, పసిపిల్లల టోపీకో ఎంగిలి ఎందుకనుకోవడంలో తప్పు లేదు. పేరులో ఉంది గానీ పనిలో ఉమ్మి అవసరమే లేదు. ఉమ్మిలోని రసాయనాలు ఉన్నిని కరిగించి అతికిస్తాయని కొందరు చెబుతారు. అది నిజం కాదు. ఉమ్మిలో ముఖ్యంగా పనిచేసేది అన్నంలోని పిండి పదార్థాన్ని అరిగించే ఎంజైము. ఉన్ని కెరాటిన్ అనే మాంసకృత్తి. దాన్ని అది ఏమీ చేయలేదు. ఉమ్మికి ఉన్న గొప్పతనం గోరువెచ్చగా, సరిపడా చెమ్మగా, రైల్లో కూర్చున్నా బస్సులో కూర్చున్నా నోట్లోనే ఉండటం. నేను గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకుని రెండు వేళ్ళు ముంచుతాను. అతుకులో తేడా ఏమీ రాలేదు.

అసలు తడే అక్కర్లేని ఊలు కూడా ఉంది. ఐస్‌లాండ్‌లో మెడ చుట్టూ బొమ్మలు తేలే లోపాపేసా స్వెటర్లకు వాడే ఊళ్ళలో ప్లోటులోపి అనేది వడకని ఊలు. పురి లేకుండా ఏకులా ఉంటుంది, చక్రంలా చుట్టి అమ్ముతారు. పట్టి లాగితే తెగిపోతుంది. కానీ తెగిన కొసలను ఒకదాని మీద ఒకటి వేసి పొడి అరచేతుల మధ్య రెండుసార్లు దొర్లిస్తే మళ్ళీ ఒకటవుతుంది. ఈ స్వెటర్లను గుండ్రంగా, పక్క కుట్టు లేకుండా అల్లుతారు. కొసలు దాచడానికి కుట్టు లేని చోట ఇలాంటి అతుకు ఎంత అక్కరకొస్తుందో అల్లేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

యాక్రిలిక్, నూలు, సూపర్‌వాష్ అల్లేవాళ్ళు మాత్రం ఈ పద్ధతి మీద ఆశ వదులుకుని, కొసను దాని మీదికే మడిచి సూదితో దాని పేటల్లోకే దూర్చే రష్యన్ అతుకు నేర్చుకోవడం మంచిది. రెండు ఉండల మడతలూ కొక్కెంలా తగులుకుంటాయి. కాస్త లావుగా వస్తుంది, కానీ ముడి ఉండదు.

చివరగా ఒక మాట. మన ఇళ్ళలో స్వెటర్ పొట్టిదైతే పారేయడం అలవాటు లేదు. విప్పి, దారాన్ని కుర్చీ వీపుకు చుట్టి, ఆవిరి పట్టి, మళ్ళీ అల్లుతాం. నా మొదటి స్వెటర్ విప్పినప్పుడు ముడి ముడికీ ఆగి, కత్తెర పట్టుకోవలసి వచ్చింది. చివరికి చేతికి వచ్చినవి పెద్దవీ చిన్నవీ కలిపి పదకొండు ఉండలు. మొన్న పిల్లాడి బూడిదరంగు స్వెటర్ విప్పాను. చేతి అంచున పట్టుకుని లాగితే దారం మెడ దాకా ఆగకుండా వచ్చింది. అతుకులెక్కడున్నాయో వెతికాను, కనబడలేదు.